ట్రాన్స్‌ఫార్మర్ ద్రవాలు: మినరల్ ఆయిల్, ఎస్టర్ ద్రవాల తులనాత్మక పరిశీలన

పరిచయం

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకులో కోర్, వైండింగులు నూనెలో మునిగి ఉంటాయని మీకు తెలుసు. ఈ నూనె రెండు పనులు చేస్తుంది. వైండింగుల్లో పుట్టిన వేడిని రేడియేటర్లకు చేరవేస్తుంది. వైండింగుల మీద చుట్టిన కాగితంతో కలిసి విద్యుద్బంధకంగానూ పనిచేస్తుంది. నూరేళ్లకు పైగా ఈ రెండు పనులకూ ప్రధానంగా వాడుతున్నది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ ఆయిల్. ఇది చవకగా దొరుకుతుంది, పలుచగా ఉంటుంది, దీని గుణాలన్నీ ఇంజనీర్లకు బాగా పరిచయం. అయినా కొన్నేళ్లుగా దాని స్థానంలో ఎస్టర్ ద్రవాలు వస్తున్నాయి. ఎందుకో అర్థం కావాలంటే ఒక సంఘటనతో మొదలుపెట్టడం మంచిది.

2025 మార్చి 20 రాత్రి పశ్చిమ లండన్‌లోని నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో 275 కెవి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అంటుకుంది. అందులో 25,000 లీటర్ల నూనె ఉందని లండన్ అగ్నిమాపక దళం తెలిపింది. మరునాడు హీత్రూ విమానాశ్రయం దాదాపు రోజంతా మూతపడింది. ఆ సంవత్సరం జులైలో వెలువడిన విచారణ నివేదిక, ట్రాన్స్‌ఫార్మర్‌కు అమర్చిన ఒక హై వోల్టేజి బుషింగ్ విఫలం కావడమే మూలకారణమని, అందులోకి తేమ చేరడం వల్లనే అలా జరిగి ఉండవచ్చని చెప్పింది. 2018 జులైలో తీసిన నూనె నమూనాలోనే తేమ ఎక్కువగా కనిపించిందని, దానిపై తగిన చర్య తీసుకోలేదని కూడా పేర్కొంది.

ఈ ఉదంతంలో రెండు వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి. తేమ బంధకాన్ని బలహీనపరచడం ఒకటి. ఆ తరువాత పుట్టిన నిప్పుకు ట్యాంకులోని వేల లీటర్ల నూనె ఇంధనం కావడం రెండోది. బుషింగ్ లోపలి బంధకం ట్యాంకు నూనెతో సంబంధం లేకుండా విడిగా మూసి ఉంటుంది. కాబట్టి ట్యాంకులో ఏ ద్రవం పోసినా బుషింగ్ వైఫల్యం ఆగేది కాదు. ఆగగలిగేదేమైనా ఉంటే అది రెండోదే. ఈ తేడాను గుర్తుంచుకోండి. ఎస్టర్ ద్రవాల గురించి విన్న మాటలను తూచుకోవడానికి ఇది అడుగడుగునా పనికివస్తుంది.

ఎస్టర్ అంటే ఏమిటి?

మినరల్ ఆయిల్ కేవలం కార్బన్, హైడ్రోజన్‌లతో ఏర్పడిన అణువుల మిశ్రమం. వీటికి ధ్రువణత దాదాపు ఉండదు. ఒక ఆమ్లం, ఒక ఆల్కహాల్ చర్య జరిపి నీటిని వదిలిపెట్టినప్పుడు ఏర్పడేది ఎస్టర్. అందులో ఆక్సిజన్ ఉంటుంది, ఆ బంధం ధ్రువస్వభావం కలది. ఈ భాగంలో మనం చూడబోయే గుణాలలో చాలావాటికి మూలం ఈ ఒక్క బంధమే.

ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే ఎస్టర్లు రెండు రకాలు. సోయా, ఆవజాతి గింజలు, పొద్దుతిరుగుడు వంటి వాటి నూనెను శుద్ధి చేసి తయారుచేసేది సహజ ఎస్టర్. ఇది గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతికిన ట్రైగ్లిసరైడ్, అంటే వంటనూనెకు దగ్గరి చుట్టం. పెంటాఎరిత్రిటాల్ అనే ఆల్కహాల్‌కు నాలుగు ఆమ్లాలను అతికించి కర్మాగారంలో తయారుచేసేది కృత్రిమ ఎస్టర్. సహజ ఎస్టర్ల అణువుల్లో ద్విబంధాలు ఉంటాయి, అందుకే గాలి తగిలితే అవి క్రమంగా చిక్కబడతాయి. కృత్రిమ ఎస్టర్లలో వాడే ఆమ్లాలు సంతృప్తమైనవి కనుక ఆ బెడద చాలా తక్కువ.

ఫైర్ పాయింట్

ఒక ఇత్తడి గిన్నెలో నూనె పోసి మెల్లగా వేడిచేస్తూ, కొద్ది డిగ్రీలకోసారి దాని మీదుగా చిన్న మంటను అటూ ఇటూ తిప్పుతారు. ఒక ఉష్ణోగ్రత వద్ద పైనున్న ఆవిరి ఒక్కసారి భగ్గుమని ఆరిపోతుంది. అది ఫ్లాష్ పాయింట్. వేడి ఇంకా పెంచుతూ పోతే, ఒకచోట అంటుకున్న మంట ఆరిపోకుండా కనీసం 5 సెకన్లు నిలుస్తుంది. అది ఫైర్ పాయింట్. ఫ్లాష్ పాయింట్ వద్ద మంటకు కావలసినంత ఆవిరి ఒక్క క్షణం మాత్రమే ఉంటుంది. ఫైర్ పాయింట్ వద్ద, మండిపోయిన ఆవిరి స్థానంలో కొత్త ఆవిరి అదే వేగంతో పుడుతూ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ అగ్నిప్రమాదంలో మనకు కావలసిన సమాధానం రెండోదే: మంట నిలుస్తుందా, ఆరిపోతుందా?

మినరల్ ఆయిల్ ఫైర్ పాయింట్ సుమారు 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్. సహజ ఎస్టర్లకు ఇది సుమారు 350 డిగ్రీలు, కృత్రిమ ఎస్టర్లకు 300 పైన. ఐఇసి 61039 ప్రమాణం ఈ విలువను బట్టే ద్రవాలను వర్గీకరిస్తుంది. ఫైర్ పాయింట్ 300 డిగ్రీలు దాటితే అది ‘కె’ తరగతి, దాటకపోతే ‘ఓ’ తరగతి. అక్షరం పక్కన వేసే అంకె ఆ ద్రవం మండినప్పుడు వెలువడే ఉష్ణాన్ని సూచిస్తుంది. అంకె పెరిగేకొద్దీ ఉష్ణం తగ్గుతుంది. ఈ లెక్కన మినరల్ ఆయిల్ ఓ1, సహజ ఎస్టర్ కె2, కృత్రిమ ఎస్టర్ కె3.

ఈ తేడా ఆచరణలో ఎంతటిదో ఒక లెక్కతో చూద్దాం. లోడు మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో పైభాగపు నూనె 90 డిగ్రీల వద్ద ఉందనుకోండి. రెండు ద్రవాలకూ విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 2 కిలోజౌళ్లుగా తీసుకుందాం. ఒక కిలో మినరల్ ఆయిల్‌ను 90 నుంచి 165 డిగ్రీలకు చేర్చాలంటే 75 × 2 = 150 కిలోజౌళ్లు చాలు. ఒక కిలో సహజ ఎస్టర్‌ను 90 నుంచి 355 డిగ్రీలకు చేర్చాలంటే 265 × 2 = 530 కిలోజౌళ్లు కావాలి. మూడున్నర రెట్లు. పైగా మండుతున్న ఉపరితలం నుంచి కింది ద్రవానికి తిరిగి చేరే ఉష్ణం ఎస్టర్‌లో తక్కువ. అందుచేత మంట తనను తాను పోషించుకోలేక ఆరిపోయే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘ఎస్టర్ మండదు’ అనే మాట మీకు తరచు వినిపిస్తుంది. అది నిజం కాదు. వైండింగులో షార్ట్ సర్క్యూట్ జరిగి ఆర్క్ పుట్టినప్పుడు అక్కడి ఉష్ణోగ్రత వేల డిగ్రీలు ఉంటుంది. ఏ ద్రవమైనా అక్కడ విచ్ఛిన్నమై హైడ్రోజన్, ఎసిటిలీన్ వంటి వాయువులను ఇస్తుంది. ఆ పీడనానికి ట్యాంకు పగిలితే, బయటకు చిమ్మిన వాయువూ సన్నని తుంపరా అంటుకుంటాయి. ఎస్టర్ ఉన్నా ఈ మొదటి భగ్గు రావచ్చు. తేడా ఆ తరువాత కనిపిస్తుంది. ట్యాంకులోను, కింద మడుగులోను ఉన్న మినరల్ ఆయిల్ త్వరగానే ఫైర్ పాయింట్ చేరి గంటల తరబడి మండుతుంది. ఎస్టర్ మడుగు అంత వేడెక్కకముందే రిలే సర్క్యూట్‌ను తెంచేస్తే మంట ఆగిపోతుంది. అంటే ఎస్టర్ ఇచ్చే రక్షణ, రక్షణ రిలేలు సమయానికి పనిచేయడం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఇళ్ల మధ్య, భవనాల నేలమాళిగల్లో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్లలో ఒకప్పుడు అసలు మండని పిసిబి ద్రవాలను వాడేవారు. అవి శరీరంలోను, నేలలోను పేరుకుపోయే విషాలని తేలడంతో 1970ల చివర నుంచి దేశాలు వాటిని నిషేధిస్తూ వచ్చాయి. ఆ ఖాళీని పూరించిన ద్రవాల్లో కృత్రిమ ఎస్టర్ ఒకటి. నేలలో త్వరగా జీవవిచ్ఛిన్నం చెందడం ఎస్టర్లకు ఉన్న అదనపు లాభం.

తేమను తట్టుకునే శక్తి

నూనెలో నీటిని సాధారణంగా పిపిఎంలలో, అంటే కిలో నూనెకు ఎన్ని మిల్లీగ్రాముల నీరు అనే లెక్కలో చెబుతారు. కాని బంధక బలం ఆధారపడేది ఈ అంకె మీద కాదు. ఆ ఉష్ణోగ్రత వద్ద నూనె గరిష్ఠంగా ఎంత నీటిని కరిగించుకోగలదో, అందులో ఇప్పుడు ఎంత శాతం ఉందో చూడాలి. దీనిని సాపేక్ష సంతృప్తత అంటారు. గాలిలో తేమను చెప్పేటప్పుడు మనం వాడే పద్ధతే ఇది. సాపేక్ష సంతృప్తత తక్కువగా ఉన్నంతవరకు నీటి అణువులు విడివిడిగా కరిగి ఉంటాయి, బ్రేక్‌డౌన్ వోల్టేజి పెద్దగా తగ్గదు. అది సుమారు 20, 30 శాతం దాటాక నూనెలోని సన్నని కాగితపు నూగు తేమను పీల్చుకుని విద్యుత్ క్షేత్రంలో వరుస కడుతుంది. అక్కడి నుంచి బ్రేక్‌డౌన్ వోల్టేజి వేగంగా పడిపోతుంది.

మినరల్ ఆయిల్ 20 డిగ్రీల వద్ద సుమారు 55 పిపిఎం, 60 డిగ్రీల వద్ద సుమారు 240 పిపిఎం నీటిని కరిగించుకోగలదు. సహజ ఎస్టర్‌లో ధ్రువబంధాలు నీటి అణువులను పట్టి ఉంచుతాయి కనుక అది 20 డిగ్రీల వద్ద సుమారు 1,000 పిపిఎం, 60 డిగ్రీల వద్ద సుమారు 1,900 పిపిఎం కరిగించుకుంటుంది. కృత్రిమ ఎస్టర్‌కు ఈ శక్తి ఇంకా ఎక్కువ.

ఇప్పుడొక సందర్భాన్ని తీసుకుందాం. ఒక ట్రాన్స్‌ఫార్మర్‌లో మినరల్ ఆయిల్ 60 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు నమూనా తీశారు. కార్ల్ ఫిషర్ పద్ధతిలో పరీక్షిస్తే 40 పిపిఎం వచ్చింది. సాపేక్ష సంతృప్తత 40 ÷ 240, అంటే సుమారు 17 శాతం. భయపడనక్కరలేదు. జనవరిలో ఒక రాత్రి ఫీడరు ఆపేశారు, తెల్లవారేసరికి నూనె 20 డిగ్రీలకు చల్లబడింది. కాగితం నీటిని తిరిగి పీల్చుకోవడానికి చాలా సమయం పడుతుంది కనుక ఆ 40 పిపిఎంలో ఎక్కువభాగం నూనెలోనే ఉందనుకోవచ్చు. ఇప్పుడు సాపేక్ష సంతృప్తత 40 ÷ 55, అంటే సుమారు 73 శాతం. నీటి పరిమాణం ఏమీ పెరగలేదు, అయినా బంధక బలం పడిపోయింది. చల్లని ఉదయం ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ట్రిప్ కావడానికి ఇదొక కారణం. అదే ట్యాంకులో సహజ ఎస్టర్ ఉండి అందులో 200 పిపిఎం నీరు ఉందనుకోండి. 20 డిగ్రీల వద్ద కూడా సాపేక్ష సంతృప్తత 20 శాతమే.

దీని నుంచి రెండు ఆచరణ సూత్రాలు వస్తాయి. నమూనా సీసా మీద తేదీతో పాటు నూనె ఉష్ణోగ్రత కూడా రాయాలి. అది లేకపోతే పిపిఎం అంకెకు సగం అర్థమే ఉంటుంది. రెండోది, మినరల్ ఆయిల్ పరిమితులను ఎస్టర్‌కు వర్తింపజేయకూడదు. కొత్త మినరల్ ఆయిల్‌కు సుమారు 30 పిపిఎం పరిమితి ఉంటే, కొత్త సహజ ఎస్టర్‌కు ఐఇసి 62770 ప్రమాణం 200 పిపిఎం వరకు అనుమతిస్తుంది. ఈ సంగతి తెలియని ప్రయోగశాల ఎస్టర్ నివేదిక మీద ‘తేమ అధికం, వడపోయాలి’ అని రాసేస్తే డబ్బూ సమయమూ వృథా.

మీరే చేసి చూడండి: 60 డిగ్రీల వద్ద తీసిన మినరల్ ఆయిల్ నమూనాలో 25 పిపిఎం నీరు ఉంది. అప్పటి సాపేక్ష సంతృప్తత ఎంత? అదే నూనె 20 డిగ్రీలకు చల్లబడితే ఎంత? (సుమారు 10 శాతం, 45 శాతం.)

తేమ ఎక్కడ దాగి ఉంటుంది?

ఎస్టర్ గురించి చెప్పేటప్పుడు చాలామంది, ‘అది కాగితంలోని నీటిని తాగేస్తుంది, అందుకే కాగితం ఎక్కువకాలం ఉంటుంది’ అని ముగించేస్తారు. మాట తప్పు కాదు, కాని ఎంత తాగుతుందో లెక్కవేస్తే వేరే చిత్రం కనిపిస్తుంది.

ఒక ట్రాన్స్‌ఫార్మర్‌లో 1,000 కిలోల ద్రవం, 100 కిలోల కాగితం, ప్రెస్‌బోర్డు ఉన్నాయనుకుందాం. కాగితంలో తేమ 2 శాతం, అంటే 2 కిలోల నీరు. 60 డిగ్రీల వద్ద చాలాకాలం నిలకడగా ఉంటే దానితో సమతాస్థితిలో ఉండే మినరల్ ఆయిల్‌లో సుమారు 20 పిపిఎం నీరు ఉంటుంది. మొత్తం నూనెలో 20 గ్రాములు. అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లోని నీటిలో 99 శాతం కాగితంలోనే ఉంది. నూనెను ఎన్నిసార్లు వడపోసినా కాగితం ఎందుకు ఆరదో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు మినరల్ ఆయిల్ స్థానంలో పొడి సహజ ఎస్టర్ పోశాం. సమతాస్థితిలో సాపేక్ష సంతృప్తత మునుపటి లాగే 8 శాతం దగ్గర ఉంటుందనుకుంటే, 1,900 పిపిఎంలో 8 శాతం, సుమారు 150 పిపిఎం. మొత్తం ద్రవంలో 150 గ్రాములు. కాగితం కోల్పోయింది ఆ 150 గ్రాములే. దాని తేమ 2 శాతం నుంచి సుమారు 1.85 శాతానికి తగ్గింది. మేలే, కాని పెద్ద మార్పు కాదు. కాగితం ఆయుర్దాయంలో కనిపించే తేడాను ఇదొక్కటే వివరించలేదు. మిగిలిన కారణాలు రసాయనచర్యల్లో ఉన్నాయి.

కాగితం వయసు

ట్రాన్స్‌ఫార్మర్ ఆయుర్దాయమంటే నిజానికి కాగితం ఆయుర్దాయమే. నూనె పాడైతే మార్చవచ్చు. వైండింగు మీది కాగితాన్ని మార్చాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను విప్పి కొత్తగా చుట్టాలి. కాగితంలోని సెల్యులోజ్, గ్లూకోజ్ వలయాలు ఒకదానికొకటి అతికిన పొడవాటి గొలుసు. కొత్త కాగితంలో ఒక్కో గొలుసులో సగటున 1,000కి పైగా వలయాలుంటాయి. ఈ సంఖ్యను పాలిమరీకరణ స్థాయి అంటారు. గొలుసులు తెగుతూ తెగుతూ ఇది 200 దగ్గరకు వస్తే కాగితం యాంత్రిక బలం పోయినట్టే లెక్క. అప్పటికీ అది విద్యుత్తును ఆపగలదు. కాని బయట ఎక్కడో షార్ట్ సర్క్యూట్ జరిగి వైండింగు కుదుపుకు లోనైనప్పుడు చిట్లిపోతుంది.

గొలుసును తెంచే చర్యల్లో ముఖ్యమైనది జలవిశ్లేషణ. దానికి వేడి, నీరు, ఆమ్లం మూడూ తోడ్పడతాయి. తెగిన ముక్కలు మరింత క్షీణించి కొత్తగా నీటిని, ఆమ్లాలను విడుదల చేస్తాయి. అవి తిరిగి ఇతర గొలుసులను తెంచుతాయి. ఈ చక్రం మినరల్ ఆయిల్‌లో అడ్డు లేకుండా తిరుగుతుంది. నూనె నీటిని కరిగించుకోలేదు. పైగా ఫార్మిక్, ఎసిటిక్ వంటి చిన్న ఆమ్లాలు నూనెను వదిలి, నీరున్న కాగితంలోకే చేరతాయి.

ఎస్టర్ ఈ చక్రాన్ని మూడు చోట్ల అడ్డుకుంటుంది. ముందుగా, ఎస్టర్ తానే జలవిశ్లేషణకు లోనవుతుంది. ఒక నీటి అణువును వాడుకుని ఒక కొవ్వు ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. అంటే కాగితం నుంచి వచ్చిన నీరు ద్రవంలో ఊరికే కరిగి ఉండక ఖర్చవుతుంది. ఖర్చయిన కొద్దీ మరికొంత నీరు కాగితం నుంచి బయటకు వస్తుంది. పైన మనం వేసిన 150 గ్రాముల లెక్క అక్కడితో ఆగకపోవడానికి కారణం ఇదే. ఈ చర్య వేడి ఎక్కువగా ఉన్నచోట వేగంగా, చల్లగా నడిచే ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలా నెమ్మదిగా జరుగుతుంది. రెండోది, సహజ ఎస్టర్ నుంచి విడుదలయ్యే ఓలియిక్ వంటి ఆమ్లాల్లో 18 కార్బన్లుంటాయి. అంత పెద్ద అణువులు ద్రవంలోనే ఉండిపోతాయి, కాగితం మీద వాటి దాడి చాలా బలహీనం. మూడోది, కొన్ని కొవ్వు ఆమ్ల శృంఖలాలు సెల్యులోజ్ గొలుసుకే అతుక్కుని నీరు చేరే చోట్లను కప్పుతాయని పరిశోధకులు చూపారు.

ఇక్కడే పరీక్షకుడు పొరబడే వీలుంది. ఎస్టర్‌లో ఆమ్లత్వపు విలువ కాలంతోపాటు పెరుగుతుంది, అది మినరల్ ఆయిల్ పరిమితిని దాటవచ్చు కూడా. మినరల్ ఆయిల్‌లో అంత ఆమ్లత్వం ఉంటే ప్రమాదసూచనే. ఎస్టర్‌లో అది చాలావరకు, నీరు ఖర్చయిందనడానికి గుర్తు. అలాగే నూనెలో కరిగిన ఫ్యూరాన్ల మోతాదును బట్టి కాగితం పాలిమరీకరణ స్థాయిని అంచనా వేసే సూత్రాలు మినరల్ ఆయిల్ కోసం తయారైనవి. వాటిని ఎస్టర్‌కు యథాతథంగా వాడకూడదు.

ఒక వేసవి మధ్యాహ్నపు లెక్క

వేడి ప్రభావాన్ని ఐఇసి 60076-7 ప్రమాణం, సాధారణ క్రాఫ్ట్ కాగితానికి, ఇలా చెబుతుంది:

V = 2^((θ − 98)/6)

ఇక్కడ θ అనేది వైండింగులో అత్యంత వేడిగా ఉండే చోటి ఉష్ణోగ్రత, అంటే హాట్ స్పాట్. V సాపేక్ష వార్ధక్య రేటు. 98 డిగ్రీల వద్ద కాగితం గంటకు ఒక గంట చొప్పున వయసు మీరుతుంది. ప్రతి 6 డిగ్రీలకూ ఆ వేగం రెట్టింపవుతుంది.

రామగుండం ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం బయటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. పూర్తి లోడు మీద హాట్ స్పాట్ పరిసరాల కంటే 65 డిగ్రీలు ఎక్కువగా ఉంటుందనుకుందాం. θ = 110, V = 2^(12/6) = 4. అలాంటి మధ్యాహ్నం 4 గంటలు నడిస్తే కాగితం 16 గంటల ఆయుష్షు కోల్పోతుంది.

సహజ ఎస్టర్ పోస్తే ఏమవుతుంది? ముందు నష్టాన్ని లెక్కించాలి. 40 డిగ్రీల వద్ద మినరల్ ఆయిల్ స్నిగ్ధత సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు సెకనుకు. సహజ ఎస్టర్‌ది సుమారు 35. చిక్కని ద్రవం రేడియేటర్లలో మెల్లగా ప్రవహిస్తుంది కనుక, మినరల్ ఆయిల్ కోసం రూపొందించిన ట్యాంకులో హాట్ స్పాట్ కొద్ది డిగ్రీలు పెరుగుతుంది. 4 డిగ్రీలు అనుకుంటే θ = 114. ఇక లాభం. మినరల్ ఆయిల్‌లో క్రాఫ్ట్ కాగితం తాపతరగతి 105 కాగా, ఎస్టర్‌లో 120గా తీసుకుంటారు. అంటే 15 డిగ్రీల వెసులుబాటు. 114 నుంచి 15 తీసివేస్తే 99. V = 2^(1/6), సుమారు 1.12. అవే 4 గంటలకు కాగితం కోల్పోయేది దాదాపు నాలుగున్నర గంటలు.

ఇది స్థూలమైన అంచనా మాత్రమే. సూత్రం పుట్టింది మినరల్ ఆయిల్ ప్రయోగాల నుంచి. ఎస్టర్ వెసులుబాటును డిగ్రీలుగా మార్చి అందులో దూర్చడం ఒక సౌకర్యం, అంతే. ఆ 15 డిగ్రీలను ఎలా వాడుకోవాలన్నది కూడా ఇంజనీరు నిర్ణయించాలి. అదే లోడుతో నడిపి ఆయుర్దాయం పెంచుకోవచ్చు, లేదా ఆయుర్దాయం మునుపటిలాగే ఉంచి లోడు పెంచుకోవచ్చు. రెండూ ఒకేసారి దక్కవు. అమ్మకందారుల కరపత్రాలు ఈ రెండింటినీ పక్కపక్కనే రాస్తుంటాయి, జాగ్రత్త.

పాత ట్యాంకులో ఎస్టర్ పోయడం

నడుస్తున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో మినరల్ ఆయిల్ తీసి ఎస్టర్ పోయడాన్ని రెట్రోఫిల్ అంటారు. దీనికి ముందు చూడవలసింది ట్యాంకు గాలి పీల్చుకునే పద్ధతి. మన ఊళ్లలో స్తంభాల మీద కనిపించే 11 కెవి పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి సిలికా జెల్ బ్రీదర్ ఉంటుంది. సిలికా జెల్ తేమను ఆపుతుంది కాని ఆక్సిజన్‌ను ఆపదు. అలాంటి ట్యాంకులో సహజ ఎస్టర్ ఆక్సీకరణం చెంది చిక్కబడుతుంది. విప్పి గాలిలో వదిలేసిన కాయిల్ మీది పలుచని పొర అయితే ఇంకా త్వరగా వార్నిష్‌లా గట్టిపడుతుంది. మరమ్మతు షెడ్డులో దీన్ని చూడగానే గుర్తించవచ్చు, వేలికి జిగటగా అంటుకుంటుంది. అందుచేత సహజ ఎస్టర్‌కు సీలు చేసిన ట్యాంకు గాని, కన్సర్వేటర్‌లో రబ్బరు సంచి గాని తప్పనిసరి. ఆ ఏర్పాటు వీలుకాని చోట కృత్రిమ ఎస్టర్ సరైన ఎంపిక, ధర ఎక్కువైనా సరే.

రెండో సంగతి మిగులు నూనె. ట్యాంకును పూర్తిగా దించినా కాగితంలోను, వైండింగుల సందుల్లోను కొంత మినరల్ ఆయిల్ ఉండిపోతుంది. సహజ ఎస్టర్‌లో సుమారు 7 శాతం కంటే ఎక్కువ మినరల్ ఆయిల్ కలిస్తే ఫైర్ పాయింట్ 300 డిగ్రీల కిందికి దిగజారుతుంది. అప్పుడది ‘కె’ తరగతి ద్రవం కాదు. రూపంలో తేడా ఏమీ కనబడదు. బ్రేక్‌డౌన్ వోల్టేజి పరీక్షలోనూ బయటపడదు. ఫైర్ పాయింట్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కాగితంలోని పాత నూనె నెలల తరబడి మెల్లగా బయటకు వస్తుంది కాబట్టి, నింపిన రోజు చేసిన పరీక్షతో సరిపెట్టుకోకుండా కొన్ని నెలల తరువాత మళ్లీ చేయాలి.

అభ్యాసం: 1,000 కిలోల ద్రవం పట్టే ట్యాంకులో మినరల్ ఆయిల్ దించాక 80 కిలోలు లోపలే మిగిలింది. నేరుగా 920 కిలోల సహజ ఎస్టర్ పోస్తే అది ‘కె’ తరగతిలో ఉంటుందా? ముందుగా కొద్దిపాటి వేడి ఎస్టర్‌తో కడిగి దించడం వల్ల మిగులు మినరల్ ఆయిల్ 30 కిలోలకు తగ్గితే ఎలా ఉంటుంది? (మొదటి సందర్భంలో 8 శాతం, కనుక ఉండదు. రెండో సందర్భంలో 3 శాతం, కనుక ఉంటుంది.)